కాడా ఈక్వైనా అనుమానం: పీహెచ్‌సీ నుంచి స్పైన్ సర్జన్‌కు అర్జెంటు రిఫరల్ లేఖ రాసే పద్ధతి

"నడుం నొప్పి, రెండు కాళ్ళూ లాగుతున్నాయి. డిస్క్ ప్రోలాప్స్ అనుమానం. ఎంఆర్ఐ, తదుపరి చికిత్స కోసం పంపుతున్నాం."

నడుము రోగి చేతికి మనం ఇచ్చే చీటీ చాలాసార్లు ఇంతే ఉంటుంది. ఇందులో అబద్ధం లేదు. కానీ దీన్ని పట్టుకుని పలాస నుంచి విశాఖ వెళ్ళిన మనిషిని ఓపీలో కూర్చోబెడతారు, ఎంఆర్ఐకి తర్వాతెప్పుడో తేదీ ఇస్తారు. అలా చేసినవాళ్ళను తప్పు పట్టలేం. ఆ చీటీలో ఉన్న లక్షణాలతో రోజూ ఎంతోమంది వస్తారు. పొద్దున్నుంచి మూత్రం సరిగ్గా రావడం లేదనీ, కింద కూర్చునే చోట స్పర్శ తెలియడం లేదనీ రాయకపోతే వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

వెన్నుపాము సాధారణంగా నడుములోని ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణించి కిందికి నరాల వేర్లు మాత్రమే ఒక కట్టగా దిగుతాయి. కాళ్ళకు వెళ్ళేవి ఇందులోనే ఉంటాయి, మూత్రాశయానికీ మలద్వారానికీ జననాంగాలకూ వెళ్ళే ఎస్2, ఎస్3, ఎస్4 వేర్లూ ఇందులోనే ఉంటాయి. ఎల్4-5 దగ్గరో ఎల్5-ఎస్1 దగ్గరో పెద్ద డిస్క్ ముక్క సరిగ్గా మధ్యలోకి జారితే ఈ కట్ట మొత్తం నలుగుతుంది. అదే కాడా ఈక్వైనా సిండ్రోమ్. నరాలు పూర్తిగా చచ్చుబడకముందే ఒత్తిడి తీసేస్తే మూత్రాశయం మళ్ళీ పనిచేసే అవకాశం బాగుంటుంది. మూత్రం పూర్తిగా ఆగిపోయి, తెలియకుండా కారే దశకు వచ్చాక ఆపరేషన్ చేస్తే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. అందుకే సర్జన్ లేఖలో ముందు వెతికేది రెండే విషయాలు: మూత్రం సంగతి ఏమిటి, అది ఎప్పుడు మొదలైంది. ఈ రెండూ మొదటి మూడు లైన్లలో కనబడేలా రాయడం ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇక్కడ వాడిన కేసు నేర్పడానికి కూర్చినది, ఏ ఒక్క రోగిదీ కాదు. పలాస దగ్గరి పల్లె. 42 ఏళ్ళ మహిళ, జీడి కార్ఖానాలో పని. ఆరు వారాలుగా నడుం నొప్పి, ఎడమ కాలు లాగడం. ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు చేయించుకుంటోంది. శనివారం జీడిపిక్కల బస్తా ఎత్తాక నొప్పి పెరిగింది. మంగళవారం ఉదయం 10:20కి ఆటోలో పీహెచ్‌సీకి వచ్చింది.

మొదట: సరైన ప్రశ్న అడగాలి

"మూత్రం బాగానే వస్తోందా?" అని అడిగితే మన పల్లెల్లో ఆడవాళ్ళు తలూపి ఊరుకుంటారు. పక్కన మరిదో కొడుకో ఉంటే అసలు చెప్పరు. కాబట్టి మగవాళ్ళను బయటికి పంపి, ఏఎన్ఎమ్‌నో స్టాఫ్ నర్సునో పక్కన పెట్టుకుని, జరిగిన పనుల గురించి ఒక్కొక్కటిగా అడగండి. పొద్దున్న ఒంటేలుకి వెళ్ళినప్పుడు ముక్కాల్సి వచ్చిందా? ధార సన్నబడిందా? వస్తోందని ముందుగా తెలుస్తోందా, లేక చాలాసేపైంది కదా అని వెళ్తున్నారా? దొడ్డికి వెళ్ళి కడుక్కున్నప్పుడు చెయ్యి తగిలినట్టు తెలిసిందా?

మన దగ్గర అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఆ చివరిదే. "తిమ్మిరి ఉందా" అంటే అందరూ కాళ్ళ గురించే చెబుతారు. కడుక్కోవడం గురించి అడిగితే సమాధానం నేరుగా వస్తుంది. ఈ కేసులో ఏఎన్ఎమ్ అడగ్గానే ఆమె అంది: "కడుక్కుంటంటే నా చెయ్యి తగిలినట్టే తెలీడం నేదు సిస్టరమ్మా. వేరేవోళ్ళ ఒళ్ళు కడిగినట్టుంది." ఈ మాటను ఉన్నదున్నట్టు లేఖలో రాసేయండి. పక్కన మన పరీక్షలో తేలినది రాయండి.

ఇక టైము. "రెండు రోజుల నుంచి" అంటే సర్జన్‌కు ఉపయోగం లేదు. నొప్పి ఒకనాడు, తిమ్మిరి ఇంకోనాడు, మూత్రం తేడా మరోనాడు మొదలై ఉండొచ్చు కాబట్టి మూడింటికీ వేర్వేరు టైములు కావాలి. సరిగ్గా చెప్పలేకపోతే చివరిసారి అంతా మామూలుగా ఉన్నది ఎప్పుడో అడగండి. ఈమె సోమవారం రాత్రి 10 గంటలకు పడుకునే ముందు మామూలుగానే వెళ్ళింది. మంగళవారం తెల్లవారుజామున 5 గంటలకు ముక్కితేగానీ రాలేదు. అంటే మూత్రాశయానికి దెబ్బ తగిలింది ఈ రెండు టైముల మధ్యలో.

ఉద్దానం ప్రాంతంలో ఉన్న ఒక చిక్కు ఇక్కడే చెప్పాలి. "మూత్రం సరిగ్గా రావడం లేదు" అన్న మాట వినగానే మన బుర్ర కిడ్నీ వైపు పోతుంది. క్రియాటినిన్ పంపించి, రిపోర్టు వచ్చేదాకా కూర్చోబెడతాం. మూత్రం తయారు కాకపోవడం వేరు, తయారైన మూత్రం బయటికి రాకపోవడం వేరు. నడుం నొప్పితో వచ్చిన మనిషి ఈ మాట అంటే ముందు పొత్తికడుపు తట్టి చూసి, మూత్రాశయంలో ఎంత నిలిచిందో కొలవాలి. రక్త పరీక్ష తర్వాత.

తర్వాత: చూడాల్సింది చూసి, కొలవాల్సింది కొలవాలి

కాళ్ళ బలం చూడటం మనందరికీ వచ్చు. అందులో బొటనవేలు పైకెత్తే బలం (ఎల్5), పాదం కిందికి నొక్కే బలం (ఎస్1) మాత్రం రెండు వైపులా విడివిడిగా, ఐదుకు ఎంతో అంకె వేసి రాయండి. మోకాలి, చీలమండ రిఫ్లెక్సులు చూడండి. అరికాలు గీసినప్పుడు బొటనవేలు పైకి లేచినా, రిఫ్లెక్సులు బాగా హెచ్చుగా ఉన్నా దెబ్బ ఇంకా పైన, వెన్నుపాములో ఉందని అర్థం. అప్పుడు నడుముకు మాత్రమే ఎంఆర్ఐ తీస్తే జబ్బు దొరకదు. పూసల క్షయ మన దగ్గర అరుదేమీ కాదు కాబట్టి ఈ ఒక్క గీత విలువైనది.

మలద్వారం చుట్టూ స్పర్శ పరీక్షే చాలామంది వదిలేస్తారు, మొహమాటంతో. ఎందుకు చేస్తున్నారో ఆమెకు చెప్పి, ఒప్పుకున్నాక, తెర వేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి చేయండి. కొత్త సూదితో గుచ్చకుండా ఆనించి ముందు తొడ మీద చూపించి "ఇలా తెలుస్తోందా" అని అడగండి, తర్వాత మలద్వారం చుట్టూ కుడి, ఎడమ విడిగా. ఆ తర్వాత గ్లవ్ వేసుకున్న వేలు పెట్టి బిగించమనండి. బిగింపు బాగుంటే అది మంచి విషయమే, రాయండి. కానీ ఈ ఒక్కటి బాగుంది కదా అని అనుమానం కొట్టేయకూడదు. వేలికి తగిలే బిగింపు అంత నమ్మదగిన గుర్తు కాదు, అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరబడతారు.

ఇప్పుడు మూత్రం కొలత. బ్లాడర్ స్కానర్ పీహెచ్‌సీలో ఎటూ ఉండదు. మామూలు అల్ట్రాసౌండ్ ఉన్న చోటయితే మూత్రం పోయించాక మూడు కొలతలు సెంటీమీటర్లలో తీసి ఇలా లెక్కేయొచ్చు:

నిడివి × వెడల్పు × లోతు × 0.52 = మిగిలిన మూత్రం, మి.లీ.

అదీ లేకపోతే ఫోలీ క్యాథటరే కొలబద్ద. వరస తప్పకుండా చేయాలి. ముందు ఆమెను ఒక కొలత జగ్గులో మూత్రం పోయమనాలి, ఎంత వచ్చిందో రాసుకోవాలి, వెంటనే ట్యూబు వేసి ఎంత దిగిందో రాసుకోవాలి. పోయించకుండా ట్యూబు వేస్తే వచ్చిన అంకెకు అర్థం చెప్పలేం. ట్యూబు దిగేటప్పుడు తెలిసిందా, బెలూన్ నింపాక మెల్లగా లాగితే లోపల లాగినట్టు తెలుస్తోందా అనేవి కూడా అడగండి. ఈమెకు తనంతట తాను పోసింది 120, ట్యూబులో దిగింది 480 మి.లీ. అంత నిండినా ఆమెకు వెళ్ళాలని అనిపించలేదు. ట్యూబు వేస్తుంటే కొంచెం తెలిసింది, లాగితే తెలియలేదు.

మిగిలింది 200 మి.లీ. దాటితే అనుమానం బలపడినట్టే. 200 లోపు ఉంటే అనుమానం తగ్గుతుంది గానీ, కూర్చునే చోట స్పర్శ పోయిందని తేలాక ఆ అంకెను చూసి ఇంటికి పంపకూడదు. ఒక్కోసారి నాడులు ఇప్పుడిప్పుడే నలుగుతూ ఉంటాయి, మూత్రాశయం వంతు ఇంకా రాదు. మనకు దొరికితే దొరకాల్సిన రోగి నిజానికి ఆ దశలోనే.

నొప్పికి మందు కొలత అయ్యాక ఇవ్వండి, ఇచ్చిన టైము రాయండి. ట్రమడాల్ లాంటి మందు మూత్రాన్ని ఆపగలదు. ముందే ఇచ్చేస్తే తర్వాత ఎవరైనా 480కి కారణం ఆ ఇంజెక్షనే అంటారు. ఆర్ఎంపీ ఏమిచ్చాడో కూడా అందుకే కావాలి, చీటీ లేకపోతే స్ట్రిప్పులు తెమ్మనండి. అమిట్రిప్టిలిన్ లాంటి మాత్రతో కూడా మూత్రం ఆగుతుంది. ఇక క్రియాటినిన్ ఎక్కువున్న మనిషికి డైక్లోఫెనాక్ వద్దని ఉద్దానంలో పనిచేసేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ముందు ఫోన్, తర్వాతే లేఖ

లేఖ ఎంత బాగా రాసినా, అది చేరేసరికి అక్కడ ఎంఆర్ఐ పనిచేయకపోతేనో, సర్జన్ లేకపోతేనో దండగ. పలాస నుంచి శ్రీకాకుళం డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, విశాఖ దాదాపు 180. "ముందు దగ్గరి పెద్దాసుపత్రికి పంపుదాం, వాళ్ళు చూసుకుంటారు" అనుకుంటే, అక్కడ ఎక్స్‌రే తీసి, రక్తం లాగి, సాయంత్రానికి మళ్ళీ విశాఖకే పంపుతారు. ఎక్స్‌రేలో డిస్క్ కనబడదు, నరాలూ కనబడవు. కాబట్టి ఫోన్లో రెండు ప్రశ్నలు నేరుగా అడగండి: ఈరోజు ఎంఆర్ఐ అవుతుందా, కాడా ఈక్వైనా అని తేలితే ఈ రాత్రికి ఆపరేషన్ చేయగలిగినవాళ్ళు ఉన్నారా? రెండింటికీ అవునన్న చోటికే పంపండి. దగ్గరే దొరికితే మరీ మంచిది.

ఫోన్లో చరిత్ర మొదటి నుంచీ చెప్పకండి. "సార్, పలాస దగ్గరి పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. కాడా ఈక్వైనా అనుమానం. 42 ఏళ్ళ ఆవిడ, తెల్లవారుజాము 5 నుంచి మూత్రం ఇబ్బంది, పోశాక 480 మిగిలింది, పెరియానల్ స్పర్శ ఎడమవైపు లేదు. ఇంకా తనంతట తాను పోయగలుగుతోంది. ఇప్పుడే పంపిస్తున్నా." ఇంత చాలు, మిగతావి ఆయనే అడుగుతారు. ఎవరు ఒప్పుకున్నారు, ఎన్ని గంటలకు అన్నది రాసుకోండి. అది లేఖలోకి వెళ్ళాలి.

48 గంటల్లోపు చేస్తే చాలు అనే మాట మీకు వినబడొచ్చు. పాత కేసులన్నీ కలిపి చూసినప్పుడు 48 గంటలు దాటాక చేసినవాళ్ళకు ఫలితం తగ్గిందని తేలింది. అంతవరకు ఆగినా నష్టం లేదని ఎవరూ తేల్చలేదు.

లేఖ

మన అలవాటు ప్రకారం అసలు లేఖ ఇంగ్లీషులో వెళ్తుంది. ఇక్కడ విషయం, వరస ముఖ్యం కాబట్టి తెలుగులోనే ఇస్తున్నాను. ఒక పేజీ దాటకూడదు, పెద్ద అక్షరాలు, ప్రతి దానికీ టైము.

> అత్యవసరం. కాడా ఈక్వైనా సిండ్రోమ్ అనుమానం. ఈరోజే ఎంఆర్ఐ, ఈరోజే సర్జన్ చూడాలి.
>
> డ్యూటీ స్పైన్ సర్జన్ గారికి. మంగళవారం, 11:15. (10:55కి డ్యూటీ రిజిస్ట్రార్ గారితో ఫోన్లో మాట్లాడాను, పంపమన్నారు.)
>
> 42 ఏళ్ళ మహిళ, జీడి కార్మికురాలు. మూత్రం ఇబ్బంది ఈరోజు ఉదయం 5 నుంచి. చివరిసారి మామూలుగా వెళ్ళింది నిన్న రాత్రి 10కి. 10:40కి స్వయంగా 120 మి.లీ. పోసింది, వెంటనే క్యాథటర్‌లో 480 మి.లీ. మిగిలింది. నిండినట్టు తెలియలేదు. ట్యూబు వేసినప్పుడు కొద్దిగా తెలిసింది, లాగితే తెలియలేదు. తెలియకుండా కారడం లేదు.
>
> వరస: 6 వారాలుగా నడుం నొప్పి, ఎడమ కాలు నొప్పి. శనివారం బరువెత్తాక పెరిగింది. నిన్న రాత్రి 9 నుంచి రెండు కాళ్ళూ. ఈరోజు ఉదయం 5కి కడుక్కునేటప్పుడు స్పర్శ తెలియలేదు. మలం అదుపు తప్పలేదు.
>
> పరీక్ష 10:30: పెరియానల్ సూది స్పర్శ ఎడమ లేదు, కుడి తగ్గింది. బిగింపు బలహీనం. బొటనవేలు ఎత్తడం ఎడమ 3/5, కుడి 4/5. పాదం నొక్కడం ఎడమ 4/5, కుడి 5/5. చీలమండ రిఫ్లెక్సులు రెండూ లేవు, మోకాలివి మామూలు. ప్లాంటార్లు రెండూ కిందికి. జ్వరం, బరువు తగ్గడం, క్షయ, క్యాన్సర్ చరిత్ర లేవు. బల్బోకావర్నోసస్ రిఫ్లెక్స్ చూడలేదు.
>
> ఇతరం: పోయిన నెల కార్డులో క్రియాటినిన్ 1.9. షుగర్ లేదు. రక్తం పలచబరిచే మందులు లేవు. పేస్‌మేకర్, ఒంట్లో లోహం లేవు. ట్యూబెక్టమీ అయింది. మందుల ఎలర్జీ లేదు. ఆర్ఎంపీ ఇచ్చినవి: డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, చివరిది ఆదివారం; మూత్రం ఆపే మందులు దొరకలేదు.
>
> ఇక్కడ ఇచ్చినవి: పారాసెటమాల్ 1 గ్రా. 10:50కి, ట్రమడాల్ 50 మి.గ్రా. 10:55కి (కొలత తర్వాత). స్టెరాయిడ్ ఇవ్వలేదు. చివరి తిండి 8:00, ఇడ్లీ; 10:30 నుంచి ఏమీ ఇవ్వడం లేదు.
>
> అడుగుతున్నది: చేరగానే లంబోశాక్రల్ ఎంఆర్ఐ, నొక్కుడు ఉంటే అత్యవసర డీకంప్రెషన్ గురించి మీ నిర్ణయం. వెంట చెల్లెలు వస్తోంది, ఆమె ఫోన్ నంబరు: ____.
>
> మెడికల్ ఆఫీసర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సొంత మొబైల్ నంబరు

ఇందులో కొన్ని లైన్లు ఎందుకున్నాయో చెప్పాలి. "స్వయంగా 120 పోసింది" అనకుండా ఒక్క 480 మాత్రమే రాసి ఉంటే మూత్రం పూర్తిగా ఆగిపోయిందని చదువుకునేవారు. 120 ఉంది కాబట్టి ఇంకా కాపాడుకునే దశలో ఉందని తెలుస్తుంది, రాత్రి పదింటికి థియేటర్ తెరవాలా వద్దా అన్న నిర్ణయం చాలావరకు దాని మీదే ఉంటుంది. దశకు పేరు మనం పెట్టక్కర్లేదు, అంకెలిస్తే ఆయన పెట్టుకుంటారు.

"చూడలేదు" అన్న మాట రాయడానికి సిగ్గుపడొద్దు. చూడనిదాన్ని "నార్మల్" అని రాస్తే, అక్కడ చూసినవాళ్ళు మధ్యలో కొత్తగా పోయిందనుకుంటారు. "స్టెరాయిడ్ ఇవ్వలేదు" అన్నదీ అలాంటిదే. డిస్క్ వల్ల వచ్చే కాడా ఈక్వైనాకు స్టెరాయిడ్ పనిచేస్తుందనడానికి ఆధారం లేదు, ఇచ్చి ఓ గంట చూద్దామనుకుంటే ఆ గంట పోయినట్టే. ఒకవేళ దారిలో నొప్పి తగ్గిందని ఆమె సంబరపడినా నమ్మకండి. నరం బాగా నలిగితే నొప్పి తగ్గి తిమ్మిరి పెరుగుతుంది.

క్రియాటినిన్ రాసింది ఎంఆర్ఐ వాళ్ళ కోసం కూడా. డిస్క్ నొక్కుడు చూడటానికి మామూలుగా కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు. పాత కార్డు అంకె చేతిలో ఉంటే కొత్త రిపోర్టు వచ్చేదాకా ఆగమనే మాట రాదు.

పంపేటప్పుడు

108 వచ్చేలోపు ఇంకోసారి పెరియానల్ స్పర్శ, బొటనవేళ్ళ బలం చూసి, లేఖ కింద టైముతో ఒక లైను కలపండి: "11:35: కుడివైపు స్పర్శ అలాగే ఉంది, మార్పు లేదు." తగ్గి ఉంటే అదే లైను ఫోన్లో కూడా చెప్పండి. క్యాథటర్ అలాగే ఉంచి పంపండి, సంచి పొట్ట కంటే కిందికి ఉండాలి. లేఖను ఫోన్లో ఫోటో తీసి మాట్లాడిన డాక్టర్‌కు వాట్సాప్ చేయండి, ఆసుపత్రి ఎంట్రీలో పేరు వెతకడానికి కష్టం ఉండదు.

ఎన్టీఆర్ వైద్య సేవ కోసం కార్డు ఇంట్లో మరిచిపోయామంటే వెనక్కి పంపకండి. ఇంట్లో ఉన్నవాళ్ళతో ఫోటో తీయించి చెల్లెలి ఫోనుకు తెప్పించి బండి ఎక్కించేయండి, అసలు కార్డు తర్వాత బస్సులో వస్తుంది. భర్త చెన్నైలో పనికి వెళ్ళాడు, ఆయన వచ్చాక వెళ్తామన్నా ఆపరేషన్ ఒప్పుకోవాల్సింది ఆమే గనుక, ఆయనతో ఇక్కణ్ణించే ఫోన్లో మాట్లాడించి పంపండి.

చివరగా వెంట వెళ్ళే చెల్లెలికి మూడు ముక్కలు, వీలైతే ఆమె చేతే తిరిగి చెప్పించండి. "ఓపీ చీటీ రాయించుకోవద్దమ్మా, నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళి ఈ కాగితం చూపించు. అక్కకు నీళ్ళు కూడా పట్టొద్దు. కూర్చోమని చెప్పి అరగంట దాటినా ఎవరూ రాకపోతే నాకు ఫోన్ చెయ్, నేను మాట్లాడతాను." ఆ ఫోన్ వస్తుందనుకునే మీ నంబరు లేఖలో ఉంది. సాయంత్రం దాకా దాన్ని సైలెంట్‌లో పెట్టకండి.